వారం రోజుల్లో పొద్దున ఎనిమిదీ ముప్పావుకి

విజయవాడలో ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. నిన్న ఏ బ్రాంచిలో ఎంత అమ్మకం జరిగిందో చూపే రిపోర్టు పొద్దున 8:45కల్లా మేనేజరుకి చేరాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్రమే; శనాదివారాలు సెలవు. రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాం సిద్ధంగా ఉంది. దాన్ని రోజూ టైముకి నడిపించే పని లినక్స్ సర్వర్లలో క్రాన్ అనే ప్రోగ్రాంది. 1979 నాటి యూనిక్స్‌లోనే క్రాన్ ఉంది. అది చదివే వరుస ఇలా ఉంటుంది:

```
45 8 * * 1-5 /home/office/report.sh
```

చివర ఉన్నది నడపాల్సిన ప్రోగ్రాం పేరు. దాని ముందున్న ఐదు గడులే టైము చెబుతాయి. ఎడమ నుంచి మొదటిది నిమిషం, 0 నుంచి 59 దాకా. రెండోది గంట, 0 నుంచి 23 దాకా. ఇందులో ఏఎం, పీఎం ఉండవు, సాయంత్రం ఆరంటే 18. మూడోది నెలలో తేదీ, నాలుగోది నెల, ఐదోది వారం. వారాల లెక్క ఆదివారం 0తో మొదలై శనివారం 6తో ముగుస్తుంది. లినక్స్‌లో ఆదివారాన్ని 7 అని రాసినా చెల్లుతుంది. కాబట్టి 1-5 అంటే సోమవారం నుంచి శుక్రవారం.

మొదట నిమిషం, తర్వాత గంట అన్నది మనకు తిరకాసుగా ఉంటుంది. మనం గంట చెప్పి నిమిషం చెబుతాం, క్రాన్‌కి అది తలకిందులు. అలవాటు కొద్దీ 8 45 అని రాస్తే 45వ గంట లేదని ఎడిటరు మూసేటప్పుడే తప్పు పట్టుకుంటుంది. కానీ 8:10కి బదులు 10:08 పడేలా రాస్తే రెండూ సరైన అంకెలే గనక ఎవరూ పట్టుకోరు.

ఈ గడులు చదవడం రావాలంటే క్రాన్ లోపల ఏం చేస్తుందో తెలియాలి. పురోహితుడు పంచాంగం తిరగేసి రాబోయే ముహూర్తాన్ని ముందే చూసి పెడతాడు. సాధారణ క్రాన్‌కి ఆ ముందుచూపు లేదు. అది నిమిషానికి ఒకసారి నిద్రలేచి, ఇప్పటి నిమిషం, గంట, తేదీ, నెల, వారం ఈ గడులతో కుదురుతున్నాయా అని ఒక్కొక్క వరుసనీ చూస్తుంది. కుదిరితే ప్రోగ్రాం నడుపుతుంది, లేకపోతే మళ్లీ పడుకుంటుంది. గడిలో స్టార్ ఉంటే అక్కడ ఏదైనా సరే అని అర్థం.

దీన్ని పట్టుకుంటే చాలామంది చేసే ఒక పొరపాటు చిటికెలో అర్థమవుతుంది. ఎనిమిదింటికి నడవాలని ఇలా రాస్తారు:

```
* 8 * * 1-5 /home/office/report.sh
```

నిమిషం ఏదైనా సరే, గంట మాత్రం 8 కావాలి అన్నారు. 8:00కి క్రాన్ లేచి చూస్తుంది, కుదిరింది. 8:01కి చూస్తుంది, అప్పుడూ కుదిరింది. అలా 8:59 దాకా. మేనేజరుకి ఒకే రిపోర్టు అరవై సార్లు వెళుతుంది. స్టార్ అంటే పట్టింపు లేదని, అంతేగానీ సున్నా అని కాదు. సరిగ్గా ఎనిమిదింటికే కావాలంటే మొదటి గడిలో 0 ఉండాలి.

ముందుచూపు లేకపోవడం వల్ల ఇంకొకటి. 8:45కి సర్వరు ఆగి ఉండి 8:50కి లేచిందంటే ఆ రోజు రిపోర్టు లేనట్టే. ఆ నిమిషంలో చూసేవాడు లేడు, తర్వాత వెనక్కి తిరిగి చూసే అలవాటు క్రాన్‌కి లేదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. పైన రాసిన 45 8 సరైనదే, సర్వరు గడియారం మన టైములో ఉంటే. అద్దెకు తీసుకునే సర్వర్లు చాలావరకు యూటీసీలో నడుస్తాయి. మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు. కంపెనీ రిపోర్టు మధ్యాహ్నం 2:15కి వస్తోందంటే కారణం సాధారణంగా ఇదే. సర్వరులో `date` అని కొడితే టైముతో పాటు UTC అనో IST అనో కనిపిస్తుంది. వరుస రాసే ముందే ఇది చూసుకోవాలి. మన 8:45లోంచి ఐదున్నర గంటలు తీసేస్తే 3:15.

```
15 3 * * 1-5 /home/office/report.sh
```

ఇక్కడిదాకా తేలికే. కొన్నాళ్లకు మేనేజరు, రిపోర్టు తెల్లవారుజామున 5:15కే కావాలన్నాడనుకోండి. ఐదున్నర గంటలు వెనక్కి వెళితే ముందు రోజు రాత్రి 23:45 అవుతుంది. గంట, నిమిషం మార్చి ఐదో గడిని 1-5గానే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. మనకు సోమవారం 5:15 అయ్యేసరికి సర్వరులో ఇంకా ఆదివారమే, కాబట్టి సోమవారం రిపోర్టు రాదు. సర్వరులో శుక్రవారం 23:45 అంటే మనకు శనివారం తెల్లవారుజాము, ఎవరూ లేని ఆఫీసుకి ఆ రోజు రిపోర్టు వస్తుంది. మిగతా నాలుగు రోజులూ సవ్యంగా నడుస్తుంది గనక తప్పు తొందరగా బయటపడదు. టైముతో పాటు వారాన్నీ ఒక రోజు వెనక్కి జరపాలి, అంటే ఆదివారం నుంచి గురువారం దాకా:

```
45 23 * * 0-4 /home/office/report.sh
```

రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్‌లో ఈ లెక్కలు తప్పించుకోవచ్చు. వరుసకి పైన `CRON_TZ=Asia/Kolkata` అని రాస్తే క్రాన్ మన టైమే చూస్తుంది. అన్ని క్రాన్‌లూ దీన్ని ఒప్పుకోవు, అందుకని మీ సర్వరు మాన్యువల్ చూశాకే నమ్మండి. సర్వరు న్యూయార్క్ టైములో ఉంటే బాధ ఇంకా ఎక్కువ. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం గంట జరుగుతుంది, మన రిపోర్టూ దాంతో పాటే జరుగుతుంది.

ఐదు గడులూ కుదరాలి అన్నాను గానీ, అందులో ఒక మినహాయింపు ఉంది. ఎందుకు పెట్టారో గానీ నాకైతే ఇప్పటికీ నచ్చదు. తేదీ, వారం రెండు గడుల్లోనూ స్టార్ కాకుండా అంకెలు ఉంటే, ఆ రెంటిలో ఏ ఒక్కటి కుదిరినా క్రాన్‌కి చాలు. ఒకటో తారీకు పనిరోజు అయితేనే నెలవారీ రిపోర్టు పంపాలని `45 8 1 * 1-5` అని రాస్తే, అది ప్రతి పనిరోజూ నడుస్తుంది. ఒకటో తారీకు ఆదివారమైనా నడుస్తుంది. దారేమిటంటే, ఒకటి క్రాన్‌కి అప్పగించి రెండోది ప్రోగ్రాం ముందు మనమే అడగడం:

```
45 8 1 * * [ $(date +\%u) -lt 6 ] && /home/office/report.sh
```

`date +%u` సోమవారానికి 1, ఆదివారానికి 7 చెబుతుంది. 6 కన్నా తక్కువైతే పనిరోజే. క్రాన్ వరుసలో % గుర్తు కొత్త లైను కింద లెక్క కాబట్టి దాని ముందు \ తప్పనిసరి. సంక్రాంతి, ఉగాది సెలవులు క్రాన్‌కి తెలియవు. అవి కావాలంటే సెలవుల తేదీలు ఒక ఫైలులో రాసి, ఆ రోజు అందులో ఉందేమో ప్రోగ్రామే చూసుకోవాలి.

ఈ వరుసలను `crontab -e`తో తెరిచి రాస్తారు. కీబోర్డు మీద e పక్కనే r ఉంటుంది. `crontab -r` అయితే సాధారణంగా ఒక్క మాటైనా అడక్కుండా మీ వరుసలన్నీ చెరిపేస్తుంది. అందుకే ముందు `crontab -l > cron.bak` అని నకలు ఒకటి తీసిపెట్టుకోవాలి. కొత్త వరుసను రేపటిదాకా ఆగి చూడనక్కర్లేదు. సర్వరు గడియారంలో ఇంకో మూడు నిమిషాల తర్వాతి టైము పెట్టి, ఐదో గడిలో ఆ రోజు వారం ఉండేలా చూసుకుని, చివర `>> /home/office/report.log 2>&1` చేర్చండి. మీరు చేత్తో నడిపితే పనిచేసి, క్రాన్ నడిపితే ఆగిపోయే ప్రోగ్రాములు చాలా ఉంటాయి. క్రాన్‌కి మీ లాగిన్ సెట్టింగులు అందవు. అప్పుడు ఆ లాగ్‌లో command not found అని కనిపిస్తుంది. రిపోర్టు ప్రోగ్రాం లోపల పిలిచే వాటికి కూడా పూర్తి దారి రాస్తే అది పోతుంది. అది పోయాక టైమును మళ్లీ 45 8కి మార్చడం మరవకండి.