టైల్స్ షోరూముకు వెళ్లే ముందు తేలాల్సిన లెక్కలు

పాత ఇల్లు బాగుచేయించాలని అనుకోగానే చాలా కుటుంబాలు ముందుగా వెళ్లేది టైల్స్ షోరూముకే. రంగు నచ్చుతుంది, అడ్వాన్సు కట్టేస్తారు, మర్నాడే మేస్త్రి సుత్తితో దిగుతాడు. కానీ టైల్ అనేది పైకి కనిపించే ఆఖరి పొర. దాని కింద పైపు, నీరు దిగకుండా వేసే పూత, వాలు పెట్టిన గచ్చు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి సరిగా కుదరకపోయినా కొత్త టైల్ పగలగొట్టక తప్పదు. ఏ పని ఏ పనిని కప్పేస్తుందో చూసుకుని వరుస కట్టుకోవడంలోనే రెనొవేషన్ ప్రణాళిక ముప్పాతిక వంతు ఉంది.

రాజమహేంద్రవరంలో 1990ల్లో కట్టిన 1,200 చదరపు అడుగుల డాబా ఇల్లు ఒకటి ఉందనుకుందాం. రెండు పడకగదులు, రెండు బాత్‌రూములు, వంటగది. ఇనప పైపులు లోపల తుప్పుపట్టి కుళాయికి ధార సన్నబడింది. వైరింగు పాతది, చాలా బోర్డులకు ఎర్తింగ్ లేదు. గోడలకు చెమ్మ. చేతిలో ఉన్నది 12 లక్షల రూపాయలు.

డిజైన్ గీయించే ముందు తేల్చాల్సింది చెమ్మ ఎక్కడినుంచి వస్తోందన్న సంగతి. వాన పడిన రెండు మూడు రోజులకు సీలింగ్ మీద మచ్చ పెద్దదైతే లోపం డాబాలో ఉంది. వానతో పనిలేకుండా బాత్‌రూము అవతలి గోడ ఏడాది పొడవునా తడిగా ఉంటే పైపునో డ్రైనేజీనో అనుమానించాలి. గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పెయింటు పొడిలా రాలి తెల్లటి ఉప్పు పేరుకుంటే నీరు నేలలోంచి ఎక్కుతున్నట్టు. ఈ మూడింటికీ మందు వేరు. కారణం తేల్చకుండా పైన పుట్టీ పూసి రంగు వేస్తే మళ్లీ వానాకాలానికి అదే మచ్చ లేస్తుంది. స్లాబు కిందివైపు చువ్వల వెంబడే పొడుగ్గా పగుళ్లు, గోధుమరంగు మరకలు ఉండి, తడితే గుల్లగా మోగితే లోపల ఇనుము తుప్పు పట్టిందని అర్థం. అది మేస్త్రి చూసి సరిపెట్టే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. గోడ తీసేసి హాలు పెద్దది చేద్దామనుకున్నా ఆయన మాటే ముందు. పిల్లర్లు లేని పాత ఇళ్లలో స్లాబు బరువు మోసేది ఆ గోడలే.

అనుమతుల విషయంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొందరు రంగు వేయించడానికీ భయపడతారు, కొందరు పైన గది వేయడానికీ ఎవరినీ అడగరు. గచ్చు మార్చడం, ప్లాస్టరింగు, పెయింటు, పాత పైపులు తీసి కొత్తవి వేయడం లాంటి మరమ్మతులకు సాధారణంగా ప్లాన్ అనుమతి అక్కర్లేదు. ఇంటి విస్తీర్ణం, ఎత్తు, ఖాళీగా వదలాల్సిన స్థలం మారినా, బరువు మోసే భాగాలను కదిలించినా అనుమతి కావాలి. బాల్కనీ మూసి గది చేయడం, మెట్ల కింద కొట్టు కట్టి అద్దెకివ్వడం కూడా ఈ కోవలోకే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నిర్మాణ నియమాలున్నాయి. తెలంగాణలో 2020 చట్టం చిన్న ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణ మీదే అనుమతినిచ్చే పద్ధతి తెచ్చింది. తప్పుడు వివరాలిస్తే కూల్చే అధికారాన్ని కూడా అదే చట్టం ఇచ్చింది. లైసెన్సు ఉన్న ఇంజనీరుతో ఓసారి పాత ప్లాన్ కాపీ చూపించుకుంటే మీ పని ఏ కోవలోకి వస్తుందో తేలిపోతుంది. అపార్ట్‌మెంటైతే అసోసియేషన్ రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోవాలి. ఏసీలు, గీజర్లు కొత్తగా పెడుతుంటే కరెంటు ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టడం చాలామంది మరిచిపోతారు.

ఇక పనుల వరుస. డాబా మరమ్మతు, దాని మీద వాటర్‌ప్రూఫింగు ముందు జరగాలి, అదీ ఎండలుండగానే. ఆ తర్వాత లోపలి పగలగొట్టుడు. దానికి ముందే ప్రతి గదిలో స్విచ్‌బోర్డు, ఏసీ, గీజరు, చిమ్నీ, వాషింగ్ మెషీన్ ఎక్కడ వస్తాయో గోడ మీద సుద్దతో గీసి ఇంట్లోవాళ్లందరూ చూసుకోవాలి. గోడలకు గాడులు కొట్టి పైపులు, కరెంటు గొట్టాలు పరిచాక ప్లాస్టరింగు, ఆపైన టైల్స్, వడ్రంగి పని, చివర పెయింటు. కొత్త ప్లాస్టరింగును వారం రోజులు తడపాలి, రంగు వేయడానికి ఇంకో మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. తొందరపడితే పెయింటు బుడగలెత్తుతుంది.

వీటిలో అన్నిటికన్నా ఎక్కువగా పాడయ్యేది బాత్‌రూము కాబట్టి దాన్ని దగ్గరగా చూద్దాం. కొత్త సీపీవీసీ పైపులు అతికించాక ఒకరోజు ఆగి, కుళాయిల చోట మూతలు బిగించి, చేతిపంపుతో మామూలు కన్నా ఒకటిన్నర రెట్ల ఒత్తిడి ఎక్కించాలి. గంట గడిచినా మీటరు ముల్లు దిగకుండా ఉంటేనే గాడులు పూడ్చాలి. అప్పుడే టేపు పెట్టి, కొలత కనిపించేలా ప్రతి గోడకూ ఫోటో తీసి దాచుకోవాలి. రేపు అద్దం బిగించడానికి డ్రిల్లు పెట్టేవాడికి ఆ ఫోటోయే దారి చూపుతుంది. తర్వాత నేల మీదా, గోడల మీద అడుగెత్తు వరకూ, మూలల్లోనూ, నహానీ ట్రాప్ చుట్టూ వాటర్‌ప్రూఫ్ పూత వేయాలి. అది ఆరాక ట్రాప్ మూసి రెండంగుళాల నీళ్లు నిలిపి గోడ మీద గీత పెట్టి 48 గంటలు వదలాలి. నీళ్లు ఆవిరై కాస్త తగ్గడం సహజమే. గీత బాగా కిందికి దిగినా, అవతలి గోడ చెమ్మెక్కినా పూత మళ్లీ వేయాలి. ఈ పరీక్షకు రెండు రోజులు పని ఆగుతుందని కాంట్రాక్టరు గొణగవచ్చు. ఇంటివాళ్లు మాత్రం దీన్ని వదులుకోకూడదు. టైల్స్ వేసేటప్పుడు ఎనిమిది అడుగులకు అంగుళం చొప్పున ట్రాప్ వైపు వాలు ఉందో లేదో బకెట్ నీళ్లు పోసి చూసుకోవచ్చు.

టైల్స్ లెక్క కూడా ఇంట్లో కూర్చుని వేసుకోగలిగినదే. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పున్న బాత్‌రూముకు చుట్టుకొలత 26 అడుగులు. ఏడడుగుల ఎత్తు వరకు 182 చదరపు అడుగులు, తలుపు తీసేస్తే దాదాపు 165. నేల 40 కలిపితే 205. కోతకు, పగుళ్లకు పదిశాతం కలుపుకుని 225 కొనాలి. పెట్టెలన్నీ ఒకే బ్యాచ్ నంబరువి కావాలి. తర్వాత నాలుగు తక్కువై కొంటే అదే డిజైనులో కూడా రంగు తేడా కొడుతుంది.

డబ్బు సంగతికి వస్తే, 12 లక్షల్లో 15 శాతం, అంటే లక్షా 80 వేలు ముందే పక్కన పెట్టేయాలి. గోడ తెరిచాక కనిపించే కుళ్లిన పైపులకూ చెదతిన్న గుమ్మానికీ అది. మిగిలిన 10 లక్షల 20 వేలలో డాబాకు లక్షా 20 వేలు, పైపులకు లక్షా 30 వేలు, వైరింగుకు లక్షా 40 వేలు అనుకుంటే, పైకి కనిపించని పనులకే 3 లక్షల 90 వేలు పోతుంది. ఊరిని బట్టి, సరుకును బట్టి ఈ అంకెలు మారతాయి. తగ్గించుకోవాల్సి వస్తే మాడ్యులర్ కిచెన్ అరలు వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు. ఎర్తింగూ, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చూ వాయిదా వేసుకునేవి కావు.

కాంట్రాక్టరుతో మాట్లాడుకునేటప్పుడు మొత్తానికింత అని తలూపకుండా, ఏ పనికి ఏ సరుకు, చదరపు అడుగుకెంత అని కాగితం మీద రాయించుకోవాలి. అడ్వాన్సు పదోవంతు మించనివ్వకుండా, మిగతా సొమ్మును తేదీలకు కాకుండా పనులకు ముడిపెట్టాలి. పైపుల ఒత్తిడి పరీక్ష నిలిచాక ఒక వాయిదా, బాత్‌రూములో నీళ్లు నిలిచాక ఇంకొకటి. ఆఖరి ఐదు శాతం తొలి వానాకాలం దాటేవరకు మీ దగ్గరే ఉంచుకుంటామని ఒప్పందంలోనే రాయించండి.