చివరి సీటు ఎవరిది?

పదో తరగతి ఫలితాలు గ్రేడ్లలో వచ్చిన రోజుల్లో ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ మెరిట్ జాబితా చూసి చాలామంది తల్లిదండ్రులు తికమకపడేవారు. ప్రైవేటు బడిలో పదికి పది పాయింట్లు తెచ్చుకున్న పిల్లకంటే, జిల్లా పరిషత్ హైస్కూల్లో 9.7 తెచ్చుకున్న పిల్లాడు పైన ఉండేవాడు. లెక్క తప్పేమీ కాదు. నాన్-రెసిడెన్షియల్ సర్కారు బడుల్లో చదివినవారి జీపీఏకి 0.4 కలపాలన్నది రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం అప్పట్లో పెట్టుకున్న నియమం. దాన్ని డిప్రివేషన్ స్కోరు అంటారు. అలా 9.7 కాస్తా 10.1 అయ్యేది. ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలోని శ్రీకాకుళం క్యాంపస్‌కీ ఇదే పద్ధతి ఉండేది.

ఈ 0.4 మీద జరిగినంత చర్చ దాని పక్కనున్న నియమం మీద జరగలేదు. స్కోర్లు సమానమైతే ముందు లెక్కల్లో ఎవరిది పైచేయో చూస్తారు. తర్వాత సైన్సు, ఇంగ్లిషు, ఇలా ఒక్కో సబ్జెక్టు. అక్కడా తేలకపోతే వయసులో పెద్దవారికి, అదీ సమానమైతే హాల్‌టికెట్ నంబరు నుంచి తీసే ర్యాండమ్ నంబరును బట్టి. చదవడానికి పకడ్బందీగానే ఉంది. కానీ పదికి పది వచ్చినవాళ్లను తీసుకోండి. సబ్జెక్టులన్నింటిలో పది పాయింట్లు వస్తేనే సగటు పది అవుతుంది. అంటే లెక్కలూ పదే, సైన్సూ పదే, ఇంగ్లిషూ పదే. ఎన్ని సబ్జెక్టులు చూసినా ఆ గుంపు విడిపోదు. పేరుకి సబ్జెక్టుల వరసే గానీ, ఆ పిల్లల మధ్య నిజంగా తేల్చింది పుట్టినతేదీ. 2022 నుంచి పదో తరగతికి మళ్లీ మార్కులు ఇవ్వడం మొదలయ్యాక ఈ ఇరుకు చాలా తగ్గింది.

స్కాలర్‌షిప్పులిచ్చే ఊరి ట్రస్టులకూ పూర్వ విద్యార్థుల సంఘాలకూ ఇక్కడ ఎత్తిరాసుకోదగ్గ పాఠం ఉంది. స్కోరును ఏ దినుసులతో కట్టామో వాటితోనే సమానస్కోరును విప్పబోతే ఒక్కోసారి ముడి విడదు. ఒక్కోసారి విడుతుంది గానీ, మనం అనుకోని వైపు విడుతుంది. ఆ రెండోదే ఎక్కువ జరుగుతుంది, ఎవరూ గమనించరు కూడా.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఇంటర్ చదవడానికి ఐదుగురికి సాయం చేయాలనుకుంది ఒక సంఘం. మొత్తం 100 పాయింట్లు. పదో తరగతి మార్కులకు 50, కుటుంబ ఆదాయానికి 30, ఇంటి కష్టానికి 20. 400 మార్కులు దాటనివారూ, ఏడాది ఆదాయం 2 లక్షలు మించినవారూ అర్హులు కారు. 400 మార్కులకు సున్నా, 600కు 50. ఆదాయం లేకపోతే 30, 2 లక్షలుంటే సున్నా. ఇంట్లో దీర్ఘరోగం ఉన్నా, తల్లి గానీ తండ్రి గానీ లేకపోయినా 20. బతుకుతెరువుకు వలస పోయిన ఇల్లయితే 10. నలుగురు ఇట్టే తేలిపోయారు. ఐదో చోటు దగ్గర ఇద్దరు మిగిలారు.

ఒకమ్మాయిది ఉద్దానం, కవిటి వైపు. తండ్రికి డయాలసిస్. మార్కులు 548, అంటే 37 పాయింట్లు. ఆదాయం 80 వేలు, 18 పాయింట్లు. కష్టానికి 20. మొత్తం 75. ఇంకో అబ్బాయిది భోగాపురం తీరంలో మత్స్యకారుల పల్లె. తండ్రి గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనిచేస్తాడు. మార్కులు 576కి 44, ఆదాయం 60 వేలకు 21, వలసకు 10. ఆ మొత్తమూ 75.

మార్కులు ఎక్కువున్నవాడికే ఇద్దామని సమావేశంలో ఎవరో ఒకరు అంటారు. ఎవరూ కాదనరు కూడా. కానీ మార్కులకు ఇప్పటికే సగం పాయింట్లిచ్చేశాం. మళ్లీ అక్కడే మార్కులకు పీట వేస్తే, హద్దు మీద నిలబడ్డవారి వరకు కష్టానికి ఇచ్చిన 20 పాయింట్లకు విలువ పోయినట్టే. డబ్బందకపోతే చదువు ఆగిపోయే పిల్లల కోసమే సంఘం పుట్టిందనుకోండి, ముందు చూడాల్సింది కష్టం పాయింట్లు, ఆ తర్వాత ఆదాయం. అప్పుడు ఐదో చోటు కవిటి అమ్మాయిది. బాగా చదివేవారిని వెన్నుతట్టడానికే పుట్టిన సంఘమైతే మార్కులు ముందుండటం సబబే, చోటు భోగాపురం అబ్బాయిది. రెండూ న్యాయమే. పేర్లు బల్ల మీదికొచ్చాక ఏదో ఒకటి ఎంచుకోవడమే అన్యాయం. అందుకే ఆ వరస దరఖాస్తు ఫారం మీదే అచ్చై ఉండాలి.

అదే లెక్కలో ఒక్కటి మార్చి చూడండి. మార్కులను 400 నుంచి కాకుండా సున్నా నుంచి 600 వరకు కొలుద్దాం. అమ్మాయికి 45.67, అబ్బాయికి 48. ఇద్దరి మధ్య 7 పాయింట్ల తేడా 2.33కి పడిపోయింది. మొత్తాలు 83.67, 79. ముడే లేదు, అమ్మాయి సునాయాసంగా గెలిచింది. మార్కుల వాటా కాగితం మీద అప్పుడూ 50, ఇప్పుడూ 50. వచ్చినవాళ్లంతా 540కీ 590కీ మధ్య ఇరుక్కుని ఉంటే, సున్నా నుంచి కొలిచే పద్ధతిలో మార్కులు 50 పాయింట్లలో కేవలం నాలుగింటి మేరకే పిల్లల్ని వేరు చేస్తాయి. జాబితా వేశాక ఒక్కో గడిలో అందరికంటే ఎక్కువ, తక్కువ పాయింట్ల మధ్య తేడా తీస్తే ఏది నిజంగా తూగిందో బయటపడుతుంది. కొలత హద్దులను ఆ ఏడు వచ్చిన దరఖాస్తులను బట్టి మాత్రం మార్చకూడదు. అలా చేస్తే ఎవరో ఒకరు తప్పుకోగానే మిగతావారి వరసలు తారుమారవుతాయి.

ఇక కంప్యూటర్ దగ్గర జరిగే పొరపాట్లు. ఎక్సెల్‌లో `RANK` వాడితే సమానులిద్దరికీ ఐదో ర్యాంకే వేసి, తర్వాతివారికి ఏడు వేస్తుంది. ముడి విప్పే పని దానిది కాదు. ముందుగా మొత్తాన్ని రెండు దశాంశాలకు సరిచేసి, ఆ తర్వాతే పోల్చాలి. లేకపోతే కంటికి 75గా కనిపించే రెండు అంకెలు లోపల ఎక్కడో తేడాగా ఉండి, ముడి ఉన్న సంగతే మనకు తెలియదు. అలాగని పూర్ణాంకానికి సరిచేస్తే 74.6, 75.4 రెండూ 75 అయి, లేని ముడి పడుతుంది.

పుట్టినతేదీల దగ్గర ఇంకో గండం. 15-03-2009న పుట్టిన పిల్ల, 02-11-2009న పుట్టిన పిల్లాడికంటే పెద్దది. ఆ తేదీలు గడిలో మామూలు అక్షరాలుగా పడి ఉంటే కంప్యూటర్ ముందు అంకె చూసి పిల్లాణ్నే పైన పెడుతుంది. తేదీలు గడిలో ఎడమవైపుకు అతుక్కుని కనిపిస్తే అనుమానించాలి. పైగా బడిలో వేసేటప్పుడు ఉజ్జాయింపుగా రాయించిన తేదీలు మన పల్లెల్లోనూ, సీతంపేట వైపు గిరిజన గూడేల్లోనూ కొత్తేమీ కాదు. కాబట్టి వయసు చివరి మెట్టు కాకూడదు, దాని కింద చీటీ ఉండాల్సిందే. చీటీ అంటే చిన్నచూపు అక్కర్లేదు. ఇరువైపులవారి ముందు తీసిన చీటీకంటే కమిటీ సభ్యుడి మొహమాటమే ఎక్కువ అన్యాయం చేస్తుంది.

ముడులను హద్దు దగ్గరే కాదు, జాబితా చివరి దాకా విప్పి పెట్టుకోవాలి. ఎంపికైనవారిలో ఇద్దరికి ట్రిపుల్ ఐటీలో సీట్లొచ్చి వెళ్లిపోతే, ఏడో పేరుకీ ఎనిమిదో పేరుకీ మధ్య తగువు అప్పుడు మొదలవుతుంది. ఆ సమయానికి ఇళ్లూ ముఖాలూ అన్నీ తెలిసిపోయి ఉంటాయి.

“మా గుంటకి ఎందుకు రానేదు మాస్టారూ” అని అడిగే తల్లికి చూపించడానికి ఒక కాగితం ఉండాలి. అందులో ఆమె బిడ్డ పాయింట్లు మూడు గడుల్లో, చివరి ఎంపిక మొత్తం ఎంతో, ముడి పడితే ఏ మెట్టు దగ్గర తేలిందో. నోటీసు బోర్డు మీద మాత్రం దరఖాస్తు నంబరు, మొత్తం, ముడి తేలిన మెట్టు చాలు. ఎవరి తండ్రికి కిడ్నీలు పోయాయో, ఎవరింట ఏడాదికి ఎంత వస్తుందో ఊరంతా చదవక్కర్లేదు. అభ్యంతరాలకు వారం గడువిచ్చి, అది దాటాకే చెక్కులు రాయాలి.