ఆ ఒక్క అమ్మాయికీ మార్కులు వెయ్యకపోతే సరిపోదా?

కిందటేడు డిసెంబరులో ఒక డిగ్రీ కాలేజీవాళ్లు వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మంటే సరేనన్నాను. నాలుగు రోజుల ముందు పాల్గొనేవాళ్ల జాబితా వాట్సాప్‌లో వచ్చింది. మొత్తం 14 మంది. తొమ్మిదో పేరు మా అక్క కూతురిది.

వెంటనే ఫోన్ చేసి రాలేనన్నాను. పోటీ నడిపిస్తున్న లెక్చరర్ నవ్వేశారు. "దానికేముంది సార్, పేర్లు చదవం. చెస్ట్ నంబర్లతోనే పిలుస్తాం."

నంబరు పేరును దాస్తుంది, గొంతును దాచదు కదా! పైగా వారం కిందటే మా ఇంటి హాల్లో నిలబడి ఆ పిల్ల ప్రసంగమంతా అప్పజెప్పింది. రెండుచోట్ల మాటలు మార్చింది నేనే. ఆ సంగతి చెబితే ఆయన ఇంకో దారి చూపించారు. "అయితే ఆ ఒక్క అమ్మాయికీ మీరు మార్కులు వెయ్యకండి. మిగతా ఇద్దరి సగటు తీసుకుంటాం."

మన కాలేజీల్లో ఎక్కువగా జరిగేది ఇదే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాగితం మీద లెక్క వేసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మార్కుల దగ్గర నా చెయ్యి బిగువు. నూటికి 66 వేశానంటే చాలా మెచ్చుకున్నట్టు. మిగతా ఇద్దరూ ఉదారులు అనుకుందాం. బాగా మాట్లాడిన ఒకమ్మాయికి వాళ్లు 82, 80 వేశారు, నేను 66 వేశాను. మొత్తం 228, సగటు 76. మా మేనకోడలికి వాళ్లిద్దరూ 78, 76 వేశారు, నేను వెయ్యలేదు. ఇద్దరి సగటు 77. ఆ ఇద్దరు జడ్జీలూ మొదటి అమ్మాయే మేలన్నారు, బహుమతి మాత్రం మా ఇంటికొచ్చింది! నేను మా పిల్లకి ఒక్క మార్కూ వెయ్యలేదు, అయినా గెలిపించాను. అదే ధారాళంగా మార్కులు వేసే జడ్జి ఇలా తప్పుకుంటే లెక్క తిరగబడి, ఏ పాపం ఎరగని పిల్ల నష్టపోతుంది.

సగటు గొడవ ఎలాగో సర్దినా ఇంకో చిక్కు మిగులుతుంది. మా పిల్లతో పోటీపడే 13 మందికి మార్కులు వేసేది నేనే. వాళ్లలో గట్టివాళ్లకి తలా రెండు మార్కులు తగ్గిస్తే చాలు. ఇదే చిక్కు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జమ్మూ కాశ్మీర్ అధికారులను ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు ఎంపిక చేసిన బోర్డులో, అప్పుడు తాత్కాలికంగా చీఫ్ కన్సర్వేటర్‌గా ఉన్న అధికారి ఒక సభ్యుడు. ఆయనే ఒక అభ్యర్థి కూడా. తన పేరు చర్చకు వచ్చినప్పుడు పక్కకు తప్పుకున్నాడు గానీ, పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు కూర్చున్నాడు. క్రైపాక్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో 1969లో కోర్టు ఆ ఎంపికనే కొట్టేసింది. ఆయన నిజంగా పక్షపాతం చూపాడా అన్నది తేల్చనక్కర్లేదు, చూపే అవకాశం ఉందని సహేతుకంగా అనిపిస్తే చాలు అంది.

1985లో హర్యానా పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో మాత్రం, సభ్యుడు తన బంధువు ఇంటర్వ్యూ వరకు తప్పుకుంటే చాలని కోర్టు ఒప్పుకుంది. అది రాజ్యాంగం ఏర్పరచిన సంస్థ, సభ్యుడి కుర్చీలో ఇంకొకరిని తెచ్చి కూర్చోబెట్టడం కుదరదు. వక్తృత్వ పోటీ జడ్జికి అంత సీను లేదు. పక్క ఊరినుంచి ఇంకొకర్ని పిలవచ్చు.

ఆ ఇంకొకరు ఎవరన్నది నిర్వాహకులే చూసుకోవాలి. "మా ఫ్రెండున్నాడు, పంపిస్తాను" అన్నామా, తప్పుకుని లాభం లేదు. కారణం చెప్పడానికి "పాల్గొనేవాళ్లలో మా దగ్గరివాళ్లు ఉన్నారు" అన్న ఒక్క మాట చాలు. ఎవరో నలుగురిలో చాటితే, రేపు ఆ పిల్ల గెలిచినా ఓడినా జనం మనవైపే చూస్తారు. ఎప్పుడో అరవైమంది క్లాసులో పాఠం విన్న కుర్రాడు కనిపించినంత మాత్రాన తప్పుకోనక్కర్లేదు. పోటీకి మనం తయారుచేసిన పిల్లయితే మాత్రం, చుట్టరికం లేకపోయినా తప్పుకోవాల్సిందే.

స్టేజి ఎక్కాకే మనవాళ్లు ఉన్నారని తెలిస్తే? అక్కడికక్కడే చెప్పి, అందరికీ వేసిన మార్కుల కాగితం మొత్తం పక్కన పెట్టించాలి. మిగిలిన ఇద్దరి మార్కులే అందరికీ లెక్క. ఇద్దరే అయినప్పుడు మార్కులు సమానమయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి అలా వస్తే ఏం చెయ్యాలో ఫలితం కూడకముందే అనుకోవాలి.

ఇదంతా చెబితే ఆ లెక్చరర్ కాసేపు ఊరుకుని, "సరే సార్, వేరేవాళ్లని చూస్తాను" అన్నారు. కాస్త విసుక్కున్నారు కూడా. ఆయన తప్పు లేదు, మళ్లీ నాలుగు ఫోన్లు చేసుకోవాలి మరి.

మా పిల్లకి మూడో బహుమతి వచ్చింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "మామయ్యా, నువ్వుంటే ఎన్ని వేసేవాడివి?"

"ముగింపు సాగదీశావని అమ్మ చెప్పింది. 58."

ఠక్కున ఫోన్ పెట్టేసింది.