రజను తీస్తేనే విరిగిన ట్యాప్ కదులుతుంది

లేత్ షాపులో ఎవరి పనిలో వాళ్లున్నా అందరూ తలెత్తి చూసే శబ్దం ఒకటుంది. చిన్నగా, పొడిగా 'టక్'మంటుంది. అంతవరకూ బిగువుగా తిరుగుతున్న హ్యాండిల్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. ట్యాప్ విరిగింది. సగం ముక్క హ్యాండిల్‌లో ఉంది, మిగతా సగం బెజ్జంలో ఉండిపోయింది.

ఇనుప దిమ్మలో బోల్టు బిగించాలంటే ముందు డ్రిల్లుతో బెజ్జం వేస్తారు. ఆ బెజ్జం లోపలి గోడ మీద మరలు కోసే పనిముట్టే ట్యాప్. చూడటానికి బోల్టులాగే ఉంటుంది కానీ దాని ఒంటి పొడుగునా మూడో నాలుగో గాడులు ఉంటాయి. మరలు కోస్తున్నప్పుడు రాలే రజను ఆ గాడుల్లోకి చేరుతుంది. ట్యాప్ విరిగాక కథంతా ఈ గాడుల చుట్టూనే తిరుగుతుంది.

డ్రిల్లు ఎందుకు పనికిరాదు?

లోపల బోల్టు విరిగితే దాని నడుమ డ్రిల్లు వేసి, ఎడమ మరలున్న ఈజీ అవుట్ దూర్చి వెనక్కి తిప్పుతారు. చాలామంది ట్యాప్ విషయంలోనూ అదే చేయబోతారు. ఇక్కడే పని చెడుతుంది. ట్యాప్‌ను, మామూలు డ్రిల్లును రెండింటినీ గట్టిపరచిన హైస్పీడ్ స్టీల్‌తోనే చేస్తారు. ఒకే గట్టితనం ఉన్నవి ఒకదాన్నొకటి కోయవు. విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి డ్రిల్లు మొన దాని మీద నిలవదు. పక్కకు జారి, మెత్తగా ఉన్న దిమ్మ గోడను తినేస్తుంది. చివరకు ట్యాప్ ముక్క అలాగే ఉంటుంది, గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం మాత్రం కోలగా మారుతుంది. అందుకే ట్యాప్ విరగగానే మొదట చేయాల్సింది డ్రిల్లును పక్కన పెట్టడం.

దాన్ని పట్టి ఉంచేది ఏమిటి?

ట్యాప్ తాను కోసిన మరల్లోనే ఉంది. దారి శుభ్రంగా ఉంటే వచ్చిన దారినే వెనక్కి తిరిగి రావాలి. రాకుండా ఆపేది గాడుల్లో కిక్కిరిసిన రజను, విరిగినప్పుడు రాలిన పదునైన పలుకులు. మైల్డ్ స్టీల్ రజను తీగల్లా చుట్టుకుని ట్యాప్‌కూ గోడకూ మధ్య మేకులా దిగబడుతుంది. దాన్ని తీయకుండా బలం ప్రయోగిస్తే ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి ముందు రజను తీయాలి, బలం సంగతి ఆ తర్వాత.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రైస్ మిల్లు నుంచి వచ్చిన మైల్డ్ స్టీల్ బేరింగ్ దిమ్మ. అడుగు మూసి ఉన్న బెజ్జంలో 8 మిల్లీమీటర్ల ట్యాప్, అంటే ఎం8, పై అంచుకు 2 మిల్లీమీటర్ల లోపల విరిగింది. పైకి ఏమీ పొడుచుకుని లేదు కాబట్టి ప్లైయర్‌తో పట్టుకునే వీలు లేదు. ఇలాంటి చోట మొదట అందుకోవాల్సింది ట్యాప్ ఎక్స్‌ట్రాక్టర్.

దిమ్మను వైస్‌లో కదలకుండా బిగించి, బెజ్జంలోకి టార్చి వేసి గాడులెన్నో లెక్కపెట్టాలి. ఎక్స్‌ట్రాక్టర్లు ట్యాప్ సైజునుబట్టే కాదు, గాడుల సంఖ్యనుబట్టి కూడా వేరువేరుగా ఉంటాయి. నాలుగు గాడుల ట్యాప్‌కు మూడు పుల్లలది సరిపోదు. తర్వాత సన్నటి గట్టి తీగతో ఒక్కో గాడిలోని రజనును కెలికి పైకి లాగాలి. కళ్లద్దాలు పెట్టుకుని గాలి కొట్టాలి. మూసి ఉన్న బెజ్జంలోకి కొట్టిన గాలి రజనుతో సహా నేరుగా ముఖం మీదికే తిరిగొస్తుంది కాబట్టి కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు. గాడులు ఖాళీ అయ్యాక పెనెట్రేటింగ్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి కొన్ని గంటలు వదిలేయాలి. తొందర లేకపోతే రాత్రంతా ఉంచితే మరీ మంచిది.

పుల్లలు, దండ, తొడుగు

ఎక్స్‌ట్రాక్టర్‌లో మూడు భాగాలుంటాయి. పైన చతురస్రపు తల ఉన్న దండ, దాని గాడుల్లో జారే సన్నటి ఉక్కు పుల్లలు, వాటి చుట్టూ ఒక తొడుగు. ముందు పుల్లలను విరిగిన ట్యాప్ గాడుల్లోకి వీలైనంత లోతుగా దించాలి. ఒక్క పుల్ల అయినా మిగతావాటికంటే పైన ఆగిపోయిందంటే ఆ గాడిలో ఇంకా రజను ఉన్నట్టు లెక్క. పైకి తీసి మళ్లీ శుభ్రం చేయాలి. పుల్లలన్నీ సమానంగా దిగాక దండను ట్యాప్ ముక్క తలకు తగిలేదాకా కిందికి నొక్కాలి. ఆపైన తొడుగును దిమ్మ ఉపరితలం దాకా జార్చాలి. పుల్లలు సన్నవి కాబట్టి ఆసరా లేనిచోట మెలితిరుగుతాయి. దండ, తొడుగు కిందికి దిగినకొద్దీ ఆసరా లేని భాగం తగ్గుతుంది. ఈ రెండింటినీ సరిగ్గా దించకపోతే పుల్లలు మెలితిరిగి పాడవుతాయి.

ఇక చతురస్రపు తలకు ట్యాప్ హ్యాండిల్ తగిలించి తిప్పాలి. నేరుగా వెనక్కి లాగకూడదు. కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కి, మళ్లీ ముందుకు, అలా ఊపుతూ ఉండాలి. అలా ఊపుతుంటే ఇరుక్కున్న పలుకులు నలిగి చోటు వదులుతాయి. ఇక్కడ చేతికి రెండు రకాల కదలికలు తెలుస్తాయి, వాటి తేడా పట్టుకోవాలి. హ్యాండిల్ వదలగానే స్ప్రింగులా మొదటి చోటికే వచ్చేస్తే కదిలింది ట్యాప్ కాదు, మెలితిరిగింది పుల్లలే. వదిలిన చోటే హ్యాండిల్ నిలిచిందంటే ట్యాప్ కదిలినట్టు. మొదటి రకం కదలికే వస్తుంటే బలం పెంచకుండా ఆపి, మళ్లీ రజను తీసి, నూనె వేయాలి. కదలిక నిలవడం మొదలయ్యాక ఊపు వెడల్పును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెనక్కి తిప్పుకుంటూ రావాలి.

ఎక్స్‌ట్రాక్టర్‌కూ హద్దులున్నాయి. ట్యాప్ సైజు తగ్గినకొద్దీ పుల్లలు సన్నబడతాయి, త్వరగా లొంగిపోతాయి. గాడులు మెలికలుగా ఉన్న స్పైరల్ ట్యాప్‌లోకి మామూలు తిన్నటి పుల్లలు దిగవు. ట్యాప్ లోపల మూడు నాలుగు ముక్కలైతే పుల్లలకు పట్టు దొరకదు. ఒక పుల్ల విరిగి గాడిలో ఉండిపోతే, ముందు దాన్ని తీసేదాకా ట్యాప్ జోలికి వెళ్లకూడదు.

ఎక్స్‌ట్రాక్టర్ పని చేయకపోతే

అప్పుడు చూడాల్సింది రెండు విషయాలు: దిమ్మ ఏ లోహం, బెజ్జం అవతలి వైపుకు తెరిచి ఉందా లేదా.

తెరిచి ఉంటే ట్యాప్‌ను ముక్కలు చేయవచ్చు. అది ఎంత గట్టిదో అంత పెళుసుది కూడా. సన్నటి పంచ్‌తో నడుమ చిన్న చిన్న దెబ్బలు వేస్తే పగులుతుంది, ముక్కలు కిందికి రాలతాయి. మూసి ఉన్న బెజ్జంలో ఈ పద్ధతి కష్టం. ముక్కలు అడుగునే ఉండి, అయస్కాంతంతోనో తీగతోనో ఒక్కొక్కటీ ఏరాల్సి వస్తుంది. గట్టి ఉక్కు పలుకులు ఎగిరి పడతాయి కాబట్టి కళ్లద్దాలతో పాటు, పక్కన నిలబడ్డవాళ్లను కూడా దూరంగా పంపాలి.

10 మిల్లీమీటర్లు, అంతకంటే పెద్ద ట్యాప్ అయితే దాని తల మీద నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగ్ చేసి, చల్లారాక స్పానర్‌తో ఊపుతూ తిప్పేవాళ్లున్నారు. కానీ హైస్పీడ్ స్టీల్‌కు వెల్డింగ్ అంత బాగా అతకదు, తరచూ ఊడిపోతుంది. స్టీల్ దిమ్మలోనైతే వెల్డింగ్ గోడకు కూడా అంటుకునే ప్రమాదం ఉంది.

దిమ్మ అల్యూమినియందైతే మన ఇంట్లో ఉండే పటికే పనికొస్తుంది. పటిక నీళ్లు ఉక్కును మెల్లగా కరిగిస్తాయి, అల్యూమినియాన్ని, ఇత్తడిని దాదాపుగా ముట్టుకోవు. గడియారాలు బాగుచేసేవాళ్లు ఇత్తడి పళ్లేల్లో విరిగిన ఉక్కు స్క్రూలను ఇలాగే తీస్తారు. ఇంజిను కవర్ లాంటి భాగమైతే ముందు దాన్నుంచి బేరింగులు, స్టడ్లు, పిన్నులు అన్నీ ఊడదీయాలి, లేకపోతే అవీ కరుగుతాయి. గాజు లేదా అల్యూమినియం పాత్రలో వేడినీళ్లు పోసి, ఇక కరగదనేదాకా పటిక కలపాలి. బెజ్జం నోరు పైకి ఉండేలా భాగాన్ని ముంచి, మరగకుండా సన్నసెగ మీద వేడిగా ఉంచాలి. ట్యాప్ నుంచి చిన్న బుడగలు లేస్తుంటే పని జరుగుతున్నట్టు. బుడగలు ఆగితే నల్లటి మడ్డిని బ్రష్షుతో తోమేసి కొత్త పటిక నీళ్లు పోయాలి. మామూలు కార్బన్ స్టీల్ ట్యాప్ త్వరగా కరుగుతుంది, హైస్పీడ్ స్టీల్‌కు రోజులు పట్టవచ్చు. వెలువడే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి గాలి బాగా ఆడే చోట, మంట లేకుండా కరెంటు హీటర్ మీదే చేయాలి. పోత ఇనుము, స్టీల్, జింకు భాగాలకు ఈ పద్ధతి పనికిరాదు, దిమ్మ కూడా కరిగిపోతుంది.

మన బేరింగ్ దిమ్మ స్టీల్‌ది, బెజ్జం అడుగు మూసి ఉంది. ఎక్స్‌ట్రాక్టర్‌కు లొంగకపోతే దానికి మిగిలేది స్పార్క్ ఎరోషన్. హైదరాబాద్ బాలానగర్ లాంటి చోట్ల అచ్చులు చేసే టూల్‌రూమ్‌లలో ఈ మిషన్లు ఉంటాయి. రాగి లేదా ఇత్తడి కడ్డీని ట్యాప్ నడుమకు అతి దగ్గరగా తెచ్చి, ద్రవంలో వరసగా విద్యుత్ నిప్పురవ్వలు పుట్టిస్తారు. ఒక్కో రవ్వ ఉక్కును రవ్వంత కరిగించి ఊడగొడుతుంది. ఇక్కడ గట్టితనంతో నిమిత్తం లేదు, కడ్డీ ట్యాప్‌ను తాకనే తాకదు. కడ్డీని మరల లోపలి వ్యాసం కంటే చిన్నదిగా ఎంచుకుంటారు. నడుమ భాగం పోగానే గాడుల మధ్య మిగిలిన పళ్ల భాగాలు విడిపోతాయి, వాటిని సన్నటి పనిముట్టుతో లోపలికి నెట్టి తీసేస్తారు. కోసిన మరలు చెక్కుచెదరవు. డ్రిల్లుతో బెజ్జాన్ని కోలగా చేయకుండా తెస్తేనే ఈ పని ఇంత శుభ్రంగా జరుగుతుంది. గోడ చెడ్డాక వస్తే, బెజ్జాన్ని పెద్దది చేసి హెలికాయిల్ తీగ ఎక్కించి కొత్త మరలు కట్టాల్సి వస్తుంది.

మళ్లీ ట్యాప్ పెట్టే ముందు

ముక్క బయటికి వచ్చాక వెంటనే కొత్త ట్యాప్ దించకూడదు. పాతది ఎందుకు విరిగిందో చూడాలి. ఎం8కు డ్రిల్లు 6.8 మిల్లీమీటర్లు ఉండాలి. 6.8 దొరకలేదని 6.5తో వేస్తే బెజ్జం మరల లోపలి వ్యాసమైన 6.65 కంటే కూడా చిన్నదవుతుంది. అప్పుడు ట్యాప్ పళ్లే కాదు, పళ్ల మధ్య మొదలు కూడా గోడకు రాసుకుంటుంది. బెజ్జాన్ని కాలిపర్‌తో కొలిస్తే ఇది అక్కడికక్కడే తేలిపోతుంది. తర్వాత లోతు చూడాలి. మరలు 16 మిల్లీమీటర్ల లోతు కావాలంటే బెజ్జం 22 వరకైనా ఉండాలి, ఎందుకంటే ట్యాప్ మొనకూ రజనుకూ అడుగున చోటు కావాలి. ఆ చోటు లేకపోతే ట్యాప్ అడుగుకు తగిలి ఆగుతుంది, పైన చేతులు ఇంకా తిప్పుతూనే ఉంటాయి. అక్కడే విరుగుతుంది. కొలత సరిచేసి, కటింగ్ ఆయిల్ వేసి, ముందుకు అర చుట్టు తిప్పిన ప్రతిసారీ వెనక్కి పావు చుట్టు తిప్పి రజనును తెంపుతూ, మధ్యమధ్య ట్యాప్‌ను పూర్తిగా పైకి తీసి గాడులు తుడుస్తూ పోతే రజను ఇరుక్కోదు. రెండో ట్యాప్ కూడా అదే బెజ్జంలో విరగకుండా ఉండాలంటే ఇంతకు మించిన మార్గం లేదు.