టూర్ ఖర్చులు తిరిగి రావాలంటే

సొంత జేబులోంచి పెట్టిన డబ్బు నెల తిరిగినా రాకపోతే ఎవరికైనా కోపం వస్తుంది. క్లెయిమ్ ఎక్కువగా ఆగిపోయేది మొత్తం పెద్దదైనందువల్ల కాదు. ఆ అంకె ఎలా వచ్చిందో కాగితం మీద కనిపించకపోవడం వల్ల.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలోని ఒక కంపెనీ సర్వీస్ ఇంజనీరు జూన్ 10 నుంచి 12 దాకా విశాఖపట్నం వెళ్లాడు. రైలుకు రానూపోనూ 1,640 రూపాయలు, రెండు రాత్రుల హోటల్‌కు పన్నుతో 5,880, భోజనాలకు 1,730, ఆటోలకు 420 అయ్యాయి. మొత్తం 9,670.

ఆ అంకె ఒక్కటే రాసి బిల్లుల కట్ట గుచ్చి పంపితే అది తిరిగి వస్తుంది. అతని కంపెనీ టూర్ పాలసీలో గది అద్దె రాత్రికి 2,500 దాటకూడదు, పన్ను అదనం. అతని గది 2,800. అంటే 5,600 అద్దెకు బదులు 5,000, దానిపై 5 శాతం జీఎస్టీ 250, వెరసి 5,250 మాత్రమే వస్తుంది. పరిమితి దాటిన అద్దెతో పాటు దాని మీది పన్నూ పోతుంది. చాలామంది ఈ పన్ను సంగతి మరిచిపోతారు. భోజనానికి రోజుకు 600 పరిమితి. 10న 540, 12న 480 పూర్తిగా వస్తాయి. 11న అయిన 710లో 110 పోతుంది. ఇక్కడ మూడు రోజులూ కలిపి 1,800 లోపే కదా అనడం చెల్లదు, పాలసీ రోజువారీ లెక్క అడుగుతోంది.

కాబట్టి ఫారంలో ఖర్చయినది, అడుగుతున్నది, వదులుకున్నది అని మూడు గడులు ఉండాలి. పక్కన పాలసీలోని క్లాజు నంబరు, బిల్లు మీది తేదీ, బిల్లుకు మనం వేసిన వరుస నంబరు రాయాలి. అతను అడగాల్సింది 8,930. ముందు తీసుకున్న అడ్వాన్సు 6,000 పోగా రావలసింది 2,930. వదులుకున్న 740ని తనే చూపిస్తే అకౌంట్స్ వాళ్లు వెతికి కోయాల్సిన పని ఉండదు.

రసీదుల విషయంలో పొరపాటు ఎక్కువ. యూపీఐ స్క్రీన్‌షాట్ డబ్బు కట్టినట్టే చెబుతుంది, దేనికి కట్టామో చెప్పదు. హోటల్ బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు గది ఖాళీ చేసేటప్పుడే వేయించుకోవాలి, తర్వాత మార్పించడం కష్టం. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, ఆ రోజే ఫోటో తీసుకోవాలి. ఆటోకు బిల్లు ఉండదు కనుక ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ పని మీద వెళ్లారో రాసి సంతకం చేయండి. మీ పాలసీ దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటుందో టూర్‌కు బయల్దేరే ముందే చదువుకోండి.