తేలని చర్చకు సారాంశం రాయడమెలా?

ఓ ఆఫీసులో జీతాల సాఫ్ట్‌వేర్ మార్పుపై నలభై ఈమెయిళ్లు నడిచాయనుకుందాం. మధ్యలో చేరిన ఉద్యోగికి దాని సారాంశం రాసివ్వాలి. చాలామంది మొదటి ఈమెయిల్ నుంచి కథలా చెప్పుకొస్తారు. కొత్త మనిషికి ముందు కావలసింది ఇవాళ్టి పరిస్థితి.

అందుకే తేలినవి ముందు రాయాలి: పాత సాఫ్ట్‌వేర్ తీసేస్తున్నారు, కొత్తది ఎంపికైంది. తేలనిది, ఎప్పటినుంచి అన్నది. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1నే మారాలని అకౌంట్స్ వాళ్ల పట్టు. ఏడాది మధ్యలో మారిస్తే టీడీఎస్ లెక్కలు రెండుచోట్ల చూసుకోవాల్సి వస్తుందని వాళ్ల బాధ. రెండు నెలలు రెండింటినీ పక్కపక్కన నడిపి, జీతాలు సరిపోలాకే మారదామని ఐటీ వాళ్ల మాట. ఈ కారణాలు చెప్పకుండా ‘అభిప్రాయ భేదాలున్నాయి’ అని ఊరుకుంటే చదివినవాళ్లకు ఒరిగేదేమీ లేదు. తమ వాదన చదివి ఇరుపక్షాలూ ‘అవును, మేమన్నది ఇదే’ అనగలగాలి.

ఎక్కువగా పొరబడేది చివరి ఈమెయిల్ దగ్గర. ‘సరే, ఏప్రిల్‌కే కానిద్దాం’ అని కనిపిస్తే నిర్ణయమైపోయిందనిపిస్తుంది. రాసిందెవరో చూడాలి. తేల్చాల్సిన ఫైనాన్స్ మేనేజర్ గారు దానికి జవాబే ఇవ్వకపోతే విషయం ఇంకా తేలనట్టే. ఆయన మౌనాన్ని ఒప్పుకోలుగా రాయకూడదు. పైగా ఎవరైనా పాత ఈమెయిల్‌కు జవాబిస్తే చర్చ రెండు పాయలవుతుంది. జవాబు కింద ఉన్న పాత ఈమెయిల్ తేదీ చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. రెండో పాయలో కొందరి పేర్లు జారిపోయి ఉంటే, అక్కడి మాటలు వాళ్లకు తెలియవని కూడా రాయాలి.

ప్రతి వాదన పక్కన ఆ ఈమెయిల్ తేదీ వేయాలి. సారాంశం రాసేవారి సొంత అభిప్రాయం ఉంటే, అది తమదేనని చెప్పి, విడిగా చివర్లో పెట్టాలి.