గుర్రపు తాపుల లెక్కలో ఒక గుణకారం

ప్రష్యా సైన్యంలో గుర్రం తాపు తిని ఏటా ఎంతమంది చనిపోతున్నారో లాడిస్లావ్ బోర్ట్‌కీవిచ్ 1898లో అచ్చువేసిన పుస్తకంలో లెక్క చూపాడు. 1875 నుంచి 1894 దాకా 20 ఏళ్ల వివరాలవి. మొత్తం 14 సైనిక దళాలుంటే, కూర్పు వేరుగా ఉన్న నాలుగింటిని తీసేసి మిగతా పదింటితో ఒక పట్టిక కట్టాడు. పది దళాలకు 20 ఏళ్లంటే 200 నమోదులు. వాటిలో 109 చోట్ల ఒక్క చావూ లేదు. 65 చోట్ల ఒకటి, 22 చోట్ల రెండు, మూడు చోట్ల మూడు, ఒకే ఒక్క చోట నాలుగు. అన్నీ కలిపితే 122 మరణాలు, అంటే ఒక దళానికి ఏడాదికి సగటున 0.61.

అరుదైన ఘటనల లెక్కకు వాడే పాయిజాన్ విభాజనం దీనికి చక్కగా అతుకుతుంది. సగటు 0.61 అయితే ఒక్క చావూ లేని నమోదులు 200లో సుమారు 108.7 ఉండాలని అది చెబుతుంది. నిజంగా ఉన్నవి 109.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక ఏడాదిలో పది దళాల్లోనూ కలిపి జరిగే మరణాల సంఖ్య ఏ విభాజనాన్ని పాటిస్తుంది? నేరుగా లెక్కిస్తే చాలా శ్రమ. మొత్తం ఆరు మరణాలు అనుకుంటే, ఆ ఆరు పది దళాల మధ్య 5005 రకాలుగా పంచుకోవచ్చు. ప్రతి పంపకానికీ సంభావ్యత కట్టి, అన్నిటినీ కూడాలి. ఏడుకు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఈ శ్రమను తప్పించేదే మొమెంట్ జనరేటింగ్ ఫంక్షన్. పేరు బరువుగా ఉన్నా పని తేలిక. మరణాల సంఖ్య X అయితే, e^(tX) అనే రాశికి సగటు కట్టడమే. ఇక్కడ t మనం ఇష్టం వచ్చినట్టు మార్చుకోగల ఒక సంఖ్య. అంటే ప్రతి విలువకూ e^(tX) కట్టి, దాని సంభావ్యతతో గుణించి, అన్నీ కూడతాం. పాయిజాన్‌కు ఇలా చేస్తే అనంతంగా సాగే శ్రేణి కాస్తా ముడుచుకుని ఇంత చిన్నదవుతుంది:

```
M(t) = e^(0.61(e^t − 1))
```

ఘాతాంకాన్నే ఎందుకు వాడాలంటే, e^(t(X+Y)) అన్నది e^(tX), e^(tY)ల లబ్ధం కాబట్టి. X, Y స్వతంత్రమైతే లబ్ధపు సగటు సగటుల లబ్ధమే. కూడికగా ఉన్న చిక్కు అక్కడ గుణకారంగా మారిపోతుంది. పది దళాలూ స్వతంత్రమనుకుంటే పై ఫంక్షన్‌ను పదిసార్లు గుణిస్తే సరి:

```
e^(6.1(e^t − 1))
```

రూపం అదే, 0.61 ఉన్నచోట 6.1 వచ్చింది. ఇది సగటు 6.1 ఉన్న పాయిజాన్‌దే. అలా ఖాయంగా చెప్పగలగడానికి ఒక సిద్ధాంతం ఆధారం: t సున్నా చుట్టూ ఒక చిన్న అంతరంలోనైనా ఈ ఫంక్షన్ పరిమితంగా ఉంటే, ఒకే ఫంక్షన్ రెండు వేరు విభాజనాలకు ఉండదు. కాబట్టి సరిగ్గా ఆరు మరణాల సంభావ్యత ఒక్క వరుసలో వచ్చేస్తుంది, సుమారు 0.16. ఆ 5005 పంపకాల జోలికి పోనక్కర్లేదు.

స్వతంత్రత అన్న మాటను మాత్రం తేలిగ్గా వదలకూడదు. పది దళాల్లోనూ ఏటా ఒకే సంఖ్యలో చావులు జరిగితే మొత్తం 10X అవుతుంది. అప్పుడు ఫంక్షన్ e^(0.61(e^(10t) − 1)). సగటు అప్పుడూ 6.1 అయినా, విస్తృతి 6.1 బదులు 61కి చేరుతుంది. పాయిజాన్‌లో సగటు, విస్తృతి సమానం కాబట్టి, ఏటేటా మొత్తాల విస్తృతి సగటును బాగా మించితే ఏదో ఒక సంబంధం దళాలను కలుపుతోందని మొదట అనుమానించాలి. కోషీ విభాజనం లాంటివాటి విషయంలోనైతే ఈ సాధనమే పనికిరాదు. వాటి తోకలు ఎంత బరువంటే t సున్నా కానిచోట ఆ సగటు అనంతమైపోతుంది.

దళాల రేట్లు వేరువేరుగా ఉంటే ఏమవుతుంది? ఒకదానికి 0.4, ఇంకోదానికి 0.9 అనుకుందాం. గుణిస్తే ఘాతాంకాలు కలిసిపోయి e^(1.3(e^t − 1)) వస్తుంది. మొత్తం అప్పుడూ పాయిజానే. అందుచేత ఒక ఏడాది మొత్తం మరణాల కోసమే అయితే ఆ నాలుగు దళాలను తీసేయాల్సిన పనిలేదు. కానీ బోర్ట్‌కీవిచ్ పట్టిక అలాంటి మొత్తం కాదు, నమోదులన్నిటినీ ఒకే కుప్పగా పోసింది. కుప్పలోంచి ఒక నమోదు తీస్తే అది ఏదో ఒక దళానిది, రెండిటి కూడిక కాదు. అందుకే కుప్ప ఫంక్షన్ లబ్ధం కాదు, ఆ రెండు ఫంక్షన్ల సగటు. అది ఏ ఒక్క పాయిజాన్ రూపంలోకీ ఒదగదు. ఆ పట్టిక పాయిజాన్‌కు అతకాలంటే రేట్లు దాదాపు సమానంగా ఉండి తీరాలి.